ఇన్నా లిల్లాహి, శ్రద్ధాంజలి: ఏడుస్తున్న మిత్రుడికి ఏం చెప్తున్నాం?



ఈ మధ్య మన సమావేశాల్లో ఒక ప్రశ్న తరచూ వస్తోంది. దీక్ష తీసుకున్నవాళ్ళం కదా, ఎవరైనా చనిపోతే 'శ్రద్ధాంజలి' అని రాయొచ్చా? 'వారి ఆత్మకు శాంతి కలగాలి' అనొచ్చా? ముస్లిం మిత్రుడి ఇంట్లో చావు జరిగితే, అందరూ పెట్టినట్టే మనమూ ఫోన్లో 'ఇన్నా లిల్లాహి' అని పెట్టొచ్చా? అడిగేవాళ్ళలో ఎక్కువమంది చదువుకున్న యువకులే. నోట్లోంచి తప్పు మాట వస్తే ప్రతిజ్ఞ తప్పినట్టవుతుందేమోనని వాళ్ళ భయం. ఆ భయాన్ని నేను తీసిపారేయను. అయితే ఈ ప్రశ్నల్లో ఎక్కడా ఒక మనిషి కనబడటం లేదు, గమనించారా? ఇంట్లో శవం పెట్టుకుని కూర్చున్న మనిషి. మన నోరు శుద్ధంగా ఉందా లేదా అని చూసుకుంటున్నాం గానీ, మన మాట ఆ మనిషి దగ్గరికి పోయి ఏం చేస్తుందో అడగడం లేదు.

కాబట్టి ఈ మాటలను ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం. ఏ మతం మాట అనేది కాసేపు పక్కనపెట్టి, ఈ మాట ఎవరు అంటున్నారు, ఎవరితో అంటున్నారు అని అడుగుదాం.

ముందు అరబ్బీ మాట. 'ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్'. మేము అల్లాహ్‌కు చెందినవాళ్ళం, ఆయన దగ్గరికే తిరిగి వెళ్ళేవాళ్ళం అని దీని భావం. ఇది ఖురాన్ రెండో అధ్యాయంలో 156వ వాక్యంలో వస్తుంది. మనలో చాలామంది ఇది చావు కబురు మాట అనుకుంటాం. నిజానికి ఏ నష్టం వచ్చినా ముస్లింలు ఈ మాట అంటారు. పర్సు పోయినా, పంట పోయినా, చెడ్డ కబురు విన్నా అంటారు. అందులో చనిపోయినాయన ప్రస్తావనే లేదు చూడండి. 'ఆయన వెళ్ళిపోయాడు' అని లేదు, 'ఆయన స్వర్గానికి పోవాలి' అని లేదు. ఉన్నది 'మేము' అనే మాట. అనేవాడు తనను తానే ఆ వరుసలో నిలబెట్టుకుంటున్నాడు. ఇవాళ ఇతను, రేపు నేను, అందరం అటే అని.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. ఖురాన్‌లో ఈ మాట ఎవరి నోట వస్తుందో చూడండి. ఆపద తమ మీదే పడినప్పుడు సహనంతో ఉన్నవాళ్ళు ఈ మాట అంటారని అక్కడ ఉంది. అంటే దుఃఖంలో ఉన్న మనిషి తనకు తాను చెప్పుకునే మాట అది. పరామర్శకు వచ్చినవాళ్ళు ఆ మనిషికి చెప్పాల్సిన పాఠంగా రాలేదు. హదీసుల్లో ఉమ్మె సలమా అనే ఆవిడ కథ ఒకటి ఉంది. భర్త అబూ సలమా చనిపోయాడు. ఆపద వచ్చినప్పుడు ఈ మాట అని, పోయినదానికన్నా మేలైనది ఇమ్మని దేవుణ్ణి అడగాలని ప్రవక్త చెప్పి ఉన్నారు. ఆవిడ ఆ మాట అంది. అంటూనే, అబూ సలమా కన్నా మేలైన మనిషి ఎవరుంటారు అని లోపల అనుకుంది. ఆ విషయాన్ని ఆవిడే తర్వాత చెప్పింది. నాకు ఈ కథ ఇష్టం. నోరు నమ్మకాన్ని పలుకుతోంది, గుండె ఇంకా భర్త దగ్గరే ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి, ఎవరూ ఆవిడను తప్పుపట్టలేదు.

పరామర్శను ఉర్దూలో 'తాజియత్' అంటారు. ఓర్చుకునే బలం ఇవ్వడం, ఓదార్చడం అనేది ఆ అరబ్బీ మాట అర్థం. మొహర్రంలో ఊరేగించే తాజియా పేరు కూడా ఈ మాటే. అంటే అక్కడ రెండు పనులున్నాయి. 'ఇన్నా లిల్లాహి' అనేది దుఃఖంలో ఉన్నవాళ్ళూ పక్కనున్నవాళ్ళూ కలిసి పలికే మాట. తాజియత్ బతికున్నవాళ్ళ కోసం చేసే పని. ఆ పని మాటతో ఆగదు. ప్రవక్త బంధువు జాఫర్ యుద్ధంలో చనిపోయిన కబురు వచ్చినప్పుడు, ఆయన ఇంటివాళ్ళకు అన్నం వండి పంపమని ప్రవక్త చెప్పారు. వాళ్ళు వండుకునే స్థితిలో లేరు కదా అని. మన పల్లెల్లోనూ చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు, పక్కింటివాళ్ళో చుట్టాలో అన్నం తెస్తారు. ఇది ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో తేల్చాల్సిన పనిలేదు. ఆకలి అందరిదీ ఒకటే.

ఇక శ్రద్ధాంజలి. ఈ మాట దగ్గరే మనవాళ్ళకు ఎక్కువ ఇబ్బంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో ఆరోది, శ్రాద్ధం పెట్టను, పిండప్రదానం చేయను అని. శ్రద్ధాంజలిలో శ్రాద్ధం ఉంది కదా అని మనవాళ్ళ అనుమానం. అక్షరాలు జాగ్రత్తగా చూడండి. ప్రతిజ్ఞలో ఉన్నది 'శ్రాద్ధం', దీర్ఘం ఉంది. తద్దినం, ఆబ్దికం అంటారే, ఆ కర్మకాండ. శ్రద్ధాంజలిలో ఉన్నది 'శ్రద్ధ', దీర్ఘం లేదు. శ్రద్ధతో చేసేది కాబట్టి ఆ కర్మకు శ్రాద్ధమని పేరు పెట్టుకున్నారు. పేరు తీసుకున్నంత మాత్రాన శ్రద్ధ వాళ్ళ సొత్తు అయిపోదు. 'శ్రద్ధగా చదువుకోరా' అని మన అమ్మలు అన్నప్పుడు పిండాలు గుర్తొచ్చాయా? మనసు పెట్టడం అని దాని మొదటి అర్థం. పాళీలో అదే 'సద్ధా'. పంచబలాల్లో మొదటిది. అంజలి కూడా మనకు పరాయిది కాదు. సంఘ వందనలో సంఘం అంజలికి అర్హమైనదని రోజూ చదువుతున్నాం కదా. కాబట్టి శ్రద్ధాంజలి రాసినవాడు ఆరో ప్రతిజ్ఞ తప్పాడని ఎవరైనా అంటే, ఆయనకు దీర్ఘానికీ హ్రస్వానికీ తేడా తెలియదనుకోండి. ఫ్లెక్సీలు కొట్టేవాళ్ళు 'శ్రాద్ధాంజలి' అని అచ్చువేస్తారు, అది మాత్రం దిద్దించండి.

మరి శ్రద్ధాంజలితో చిక్కేమీ లేదా? ఉంది, అయితే అది ప్రతిజ్ఞ చిక్కు కాదు. అది చనిపోయినవాళ్ళ వైపు తిరిగి పెట్టే దండం. ఫోటో ముందు నిలబడి, పూలు వేసి, చేతులు జోడిస్తాం. ఒక నాయకుడికీ, గురువుకూ అది సరిపోతుంది. నివాళి కూడా అంతే. పాత తెలుగులో నివాళి అంటే హారతి. 'నివాళులు' అని రాసే హేతువాద మిత్రులకు ఈ మాట చెప్తే కాస్త ఉలిక్కిపడతారు. మాటలు అలా అర్థం మార్చుకుంటూ వస్తాయి, తప్పేమీ లేదు. మహారాష్ట్ర బౌద్ధులు డిసెంబరు 6న బాబాసాహెబ్‌కు 'అభివాదన్' అని రాస్తారు, 'ఆదరాంజలి' అని కూడా రాస్తారు. అదీ బాగుంది. కానీ ఇవన్నీ పోయినవాళ్ళతో మాట్లాడే మాటలు. ఫోటోకి దండం పెట్టి వెనక్కి తిరిగితే, కుర్చీలో కూర్చున్న కొడుకు మనవైపు చూస్తుంటాడు. వాడికి చెప్పాల్సింది ఇంకా మిగిలే ఉంది.

'ఆత్మకు శాంతి కలగాలి' అన్నది ఇంకా దూరం. ఎవరో పైనున్నవాళ్ళను అడుగుతున్నాం, పోయినవాళ్ళ గురించి అడుగుతున్నాం. ఇంగ్లీషులో మూడక్షరాలు కొట్టి ఊరుకుంటారే, ఆర్.ఐ.పి. అని, అదీ ఇదే కోరిక, లాటిన్ ప్రార్థనలోంచి వచ్చింది. అనాత్మను ఒప్పుకున్నవాళ్ళం ఈ మాట మనంతట మనం అనలేం, అది నిజమే. మన క్రైస్తవ బంధువులు 'ప్రభువునందు నిద్రించారు' అంటారు. దాని తర్వాత వాళ్ళు పెట్టుకునే సమావేశాన్ని మాత్రం 'ఆదరణ కూడిక' అంటారు. ఆదరణ, అంటే బతికున్నవాళ్ళకు. పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, చావు ఇంట్లో పని ఎవరికోసమో తెలిసి పెట్టారు. తెలంగాణలో చావు ఇంటికి 'మందలించడానికి' పోతారు. కోస్తావాళ్ళు వింటే తిట్టడానికనుకుంటారు, అక్కడ మందలించడమంటే పలకరించడం. మన పాతవాళ్ళకు సంతాప సందేశం అనే మాట తెలియదు, పలకరించి రావడమే తెలుసు.

ఒక సంగతి చెప్తాను. మా పక్క వీధిలో ఒక టైలర్ ఉన్నాడు, ముస్లిం, మా అంబేడ్కర్ జయంతి సభలకు బ్యానర్లు కుట్టి ఇచ్చే మిత్రుడు. ఆయన తమ్ముడు బైక్ మీద పోతూ లారీ తగిలి చనిపోయాడు. పాతికేళ్ళు ఉంటాయేమో. ఆ సాయంత్రానికి కాలనీ గ్రూపులో 'ఇన్నా లిల్లాహి' అని వరసగా పడ్డాయి, మధ్యలో 'శ్రద్ధాంజలి'లు, దీపం బొమ్మలు. ఒకరు ఫోటోకి దండ తగిలించిన బొమ్మ చేసి పెట్టారు. ప్రేమతోనే పెట్టారు, అయితే చాలా ముస్లిం ఇళ్ళల్లో పోయినవాళ్ళ ఫోటోకి దండ వేయరు, దీపం పెట్టరు. మేం ఆరుగురం జనాజా వెంట నడిచాం, కాసేపు భుజం పట్టాం, అందరితోపాటు మూడు గుప్పిళ్ళ మట్టి వేశాం. మాలో ఒకాయనకు ధమ్మం మీద మంచి పట్టుంది. తిరిగొచ్చాక టైలర్ చేయి పట్టుకుని, 'అన్నీ అనిత్యమే సోదరా, దుఃఖానికి మూలం తృష్ణ, దాన్ని వదిలితే తేలికవుతుంది' అన్నాడు. టైలర్ తల ఊపాడు. సరే అన్నట్టే ఊపాడు, కానీ ముఖం మూతపడింది. అప్పుడు మాతో వచ్చిన ఒక పెద్దావిడ, బడి ముఖం చూడని మనిషి, గడప దగ్గర కూర్చుని అడిగింది: 'పొద్దున ఏం తిని బయల్దేరాడు నాయనా బిడ్డ?' అని. టైలర్ చెప్పడం మొదలుపెట్టాడు. చపాతీ తినలేదనీ, టీ తాగి పోయాడనీ, వచ్చి తింటానన్నాడనీ. అక్కడే ఏడ్చాడు. పొద్దుటినుంచి ఏడవని మనిషి.

మా మిత్రుడు చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఇదే నేను మీ ముందు పెట్టదలచుకున్న విషయం. సమ్యక్ వాక్కు అంటే అబద్ధమాడకపోవడం ఒక్కటే అయితే ఆయన మాట సమ్యక్ వాక్కే. కానీ మంచి మాటకు బుద్ధుడు ఐదు గుర్తులు చెప్పాడు. సమయానికి రావాలి, నిజమై ఉండాలి, మెత్తగా ఉండాలి, మేలు చేయాలి, మైత్రి నిండిన మనసులోంచి రావాలి. అంగుత్తర నికాయంలో ఉందిది. ఆ వరుసలో సమయం ముందుంది, నిజం తర్వాత వచ్చింది. 'అన్నీ అనిత్యం' అన్నది 'మనం' అని పలికినప్పుడు ఓదార్పు. 'నువ్వు' అని పలికినప్పుడు అదే మాట గద్దింపు అవుతుంది. తృష్ణ వల్లే నీ దుఃఖం అంటే, తమ్ముణ్ణి ప్రేమించడమే నీ తప్పు అని వినబడుతుంది ఆ సమయంలో.

ఇప్పుడు మళ్ళీ 'ఇన్నా లిల్లాహి' వైపు చూడండి. దేవుణ్ణి పక్కనపెడితే, ఆ మాట కట్టుబడి మన దగ్గరా ఉంది. 'అనిచ్చా వత సంఖారా' అని మొదలయ్యే గాథను మన అంత్యక్రియల్లో చదువుతాం. కూడినవన్నీ అనిత్యం, పుట్టి గిట్టడం వాటి తీరు, అవి ఉపశమించడమే సుఖం అని దాని భావం. మహాపరినిబ్బాన సుత్తంలో తథాగతుడు కన్నుమూసిన వెంటనే వినబడే మాట అది. అక్కడ అది నష్టపోయిన చోటే, నష్టపోయినవాళ్ళ మధ్యే పుట్టింది. పోయినాయన పేరు అందులోనూ లేదు. అంటే ఇది కూడా అందరం కలిసి పలికే మాట, ఒకరి మీదికి విసిరే మాట కాదు. భిక్షువో, ఉపాసకుడో చదువుతుంటే ఇంటివాళ్ళు కూడా గొంతు కలిపితే దాని బలం దానికుంటుంది. పాళీ అర్థం తెలియకపోయినా పరవాలేదు, అరబ్బీ అర్థం టైలర్ వాళ్ళమ్మకూ తెలియకపోవచ్చు.

బుద్ధుడు స్వయంగా ఎలా చేశాడో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. సారిపుత్రుడు నాలక గ్రామంలో చనిపోయాడు. చుందుడు ఆయన పాత్రనూ చీవరాన్నీ సావత్థికి తెచ్చి ఆనందుడికి ఇచ్చాడు. ఆనందుడు బుద్ధుడి దగ్గరికి వెళ్ళి, నా శరీరం నా వశంలో లేదు, దిక్కులు తెలియడం లేదు, ధమ్మం కూడా తట్టడం లేదు అన్నాడు. పాతికేళ్ళు వెంట ఉండి ధమ్మం విన్నవాడి పరిస్థితి అది. బుద్ధుడు వెంటనే అనిత్యం ఎత్తలేదు. ఒక ప్రశ్న అడిగాడు. సారిపుత్రుడు పోతూ నీ శీలాన్నీ, సమాధినీ, ప్రజ్ఞనూ పట్టుకుపోయాడా అని. లేదు భంతే, అని ఆనందుడు సారిపుత్రుడు తమకు ఏమయ్యేవాడో చెప్పుకొచ్చాడు. దారి చూపేవాడనీ, బోధించడంలో అలసిపోయేవాడు కాదనీ, తోటివాళ్ళకు అండగా ఉండేవాడనీ. అది విన్నాకే బుద్ధుడు అనిత్యం మాట చెప్పాడు. కొన్నాళ్ళకు మొగ్గల్లానుడు కూడా పోయాక, గంగ ఒడ్డున ఉక్కచేల దగ్గర సంఘం మధ్య కూర్చుని, మౌనంగా ఉన్న భిక్షువులను చూసి, సారిపుత్ర మొగ్గల్లానులు లేక ఈ సభ నాకు ఖాళీగా కనిపిస్తోంది అన్నాడు. తథాగతుడికి శోకం లేదనే ఆ సుత్తం చెప్తుంది. అయినా ఖాళీని ఖాళీ అన్నాడు. మన పరామర్శల్లో ఇంత సూటి మాట ఎంత అరుదో ఆలోచించండి. 'ధైర్యంగా ఉండు' అంటాం, 'అంతా మన మంచికే' అని కూడా అంటారు కొందరు. 'ఆయన లేని ఇల్లు ఖాళీగా ఉంది' అనడానికి జంకుతాం, ఏడిపించినట్టవుతుందని.

మరి ముస్లిం మిత్రుడికి 'ఇన్నా లిల్లాహి' అనొచ్చా? నా అభిప్రాయం చెప్తాను, మీరు ఒప్పుకోకపోయినా సరే. ఆ మాట 'మేము అల్లాహ్‌కు చెందినవాళ్ళం' అని చెప్తుంది. నమ్మకం లేకుండా అనడం నిజమనే గుర్తు దగ్గర ఆగిపోతుంది. ఆయన నమ్మకానికి కూడా అది మర్యాద కాదు, అరువు మాటలా ఉంటుంది. ఆయన అంటుంటే తల వంచి వినండి. మీ వంతు వచ్చినప్పుడు తెలుగులోనో, వచ్చిన ఉర్దూలోనో చనిపోయినవాళ్ళ పేరు పెట్టి మాట్లాడండి. 'తమ్ముడు మా సభకు కుర్చీలు వేసేవాడు, మొన్నటిదాకా వీధిలో కనిపించాడు, నమ్మలేకపోతున్నాను.' ఇలాంటిది. ఇది ఏ గ్రంథంలోనూ ఉండదు, అందుకే ఎవరూ పెట్టి ఊరుకోలేరు. ఫోన్లో పెట్టాల్సివస్తే కూడా రెండు ముక్కలు ఇలాంటివే పెట్టండి. ఎవరైనా స్నేహంగా 'ఇన్నా లిల్లాహి' అనేసినా వాళ్ళ ధమ్మం ఏం చెడిపోదు, దానిమీద పంచాయితీ పెట్టకండి.

ఇక మన ఇళ్ళ సంగతి. దీక్ష తీసుకున్న ఇంట్లో తల్లి పోతే, చుట్టాల్లో సగంమంది హిందువులో క్రైస్తవులో అయి ఉంటారు. మేనత్త వచ్చి, 'స్వర్గానికి పోయిందిరా మీ అమ్మ' అని కొడుకుని పట్టుకుని ఏడుస్తుంది. అప్పుడు మనలో ఒక యువకుడు లేచి, స్వర్గం లేదు, ఆత్మ లేదు అంటాడు. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు, చాలా ఊళ్ళలో జరుగుతోంది. అలా అన్న రోజునుంచి ఆ అత్త ఆ ఇంటికి బౌద్ధం చుట్టాలను విడదీసే మతమని చెప్పుకుంటుంది. ఆవిడ అన్న మాటలో స్వర్గం పైపైదే. 'మీ అమ్మ మంచిది' అని అసలు చెప్పింది. దానికి 'అవునత్తా, మంచిది' అంటే చాలు, అందులో అబద్ధం లేదు. వాదన సంవత్సరం తర్వాతైనా చేయొచ్చు.

అయితే మనం అచ్చువేసే కార్డు మన చేతిలో ఉంటుంది, అక్కడ మన మాటే ఉండాలి. పదకొండో రోజు, పెద్దకర్మ అని వేయకుండా 'జ్ఞాపక సభ' అనో, మహారాష్ట్రవాళ్ళలా 'పుణ్యానుమోదన' అనో వేయొచ్చు. అనుమోదన అంటే వాళ్ళు చేసిన మంచిని తలచుకుని సంతోషించడం. మామూలు ఉపాసకులకు 'పరినిర్వాణం చెందారు' అని వేయడం ఈ మధ్య కనిపిస్తోంది. గౌరవంతోనే వేస్తున్నారు గానీ, ఆ మాట బుద్ధుడికీ అర్హంతులకూ వాడతారు, బాబాసాహెబ్‌కు మనం భక్తితో వాడుకుంటున్నాం. మన అమ్మకు 'చనిపోయారు' అంటే చిన్నతనం ఏమీ కాదు.

మొన్న ఒక కుటుంబం అడిగితే ఇలా రాసిచ్చాం. 'మా అమ్మ ఈ నెల ఫలానా తేదీన చనిపోయింది. నలభై ఏళ్ళు కూలికి పోయి మా నలుగురినీ చదివించింది. ఆమె లేని ఇల్లు మాకు ఖాళీగా ఉంది. ఆదివారం పది గంటలకు త్రిశరణ పంచశీలతో సభ మొదలవుతుంది. ఆమెను ఎరిగినవాళ్ళు వచ్చి, మీకు గుర్తున్నది మాకు చెప్పండి. భోజనం ఇక్కడే.' చర్చి పాస్టరుగారూ వచ్చారు, పక్కింటి మస్తాన్ వలీ దర్గా ముజావరూ వచ్చారు. ఎవరి మాట వాళ్ళు అన్నారు. తర్వాత పాతికమంది దాకా, ఆవిడ కలుపు తీసేటప్పుడు పాడే పాటలనుంచి అప్పిచ్చి అడగని డబ్బులదాకా, ఒక్కొక్కరే లేచి చెప్పారు. భోజనాలకు మూడయింది.